కూల్ మిస్టా, వార్మ్ మిస్టా? గొంతు ఆరకుండా హ్యుమిడిఫైయర్ వాడటం, బూజు పట్టకుండా కడగటం

చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండేవాళ్లకు జనవరి ఉదయాలు బాగా తెలుసు. లేవగానే గొంతు గీరుకుపోయినట్టు ఉంటుంది, మింగితే మంట, ముక్కు లోపల పొక్కులు. జ్వరం ఉండదు, జలుబూ ఉండదు. గోరువెచ్చని నీళ్లు తాగి, కాస్త తిరిగేసరికి తగ్గిపోతుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే. గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో చలికాలంలో వచ్చిన అమ్మానాన్నలకైతే ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అంత పొడి గాలి వాళ్లకు అలవాటు లేదు. అప్పుడే ఇంట్లో హ్యుమిడిఫైయర్ మాట వస్తుంది. కొనబోతే రెండు రకాలు కనిపిస్తాయి: కూల్ మిస్ట్, వార్మ్ మిస్ట్. చిన్నప్పటి నుంచి ఆవిరి పట్టిన వాళ్లం కాబట్టి మన చెయ్యి సహజంగా వేడిదాని మీదికే పోతుంది.

గొంతుకు రెండూ ఒకటే. యంత్రం నుంచి వేడిగా వచ్చినా చల్లగా వచ్చినా, ఆ తేమ గది గాలిలో కలిసి మీ ముక్కు దాకా వచ్చేసరికి గది వేడికి వచ్చేస్తుంది. గిన్నె మీద తల వంచి దుప్పటి కప్పుకుని పట్టే ఆవిరి వేరు, రాత్రంతా గది తేమను కొంచెం పెంచడం వేరు. కాబట్టి గొంతును బట్టి కాకుండా, ఇంట్లో పిల్లలున్నారా, మీకు దొరికే నీళ్లు ఎలాంటివి, దాన్ని ఎంత శ్రద్ధగా కడగగలరు అనేవాటిని బట్టి ఎంచుకోవాలి. ఈ మూడింటిలో కడగడమే పెద్ద విషయం.

ముందు గది తేమ కొలవండి

యంత్రం కొనేముందు ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనండి. గాలిలో తేమ ఎంత శాతం ఉందో చూపిస్తుంది, ధర తక్కువే. దాన్ని మంచం పక్కన, పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టండి. హీటర్ గాలి వచ్చే జాలీ దగ్గరా, కిటికీ దగ్గరా పెట్టకండి. ఒక రాత్రి వదిలేసి, పొద్దున లేవగానే అంకె చూడండి.

30 శాతం కన్నా తక్కువ ఉంటే మీ గొంతు బాధకు గాలే కారణమయ్యే అవకాశం ఎక్కువ, హ్యుమిడిఫైయర్ ఉపయోగపడుతుంది. 40 దాటి ఉంటే యంత్రం కొనకండి. అప్పుడు చూసుకోవాల్సినవి వేరు: ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చడం, గురక, రాత్రి ఆలస్యంగా తిని పడుకోవడం వల్ల పైకి తన్నే ఆసిడ్, అలర్జీ. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, మింగడం కష్టమైతే, ఉమ్మిలో రక్తం కనిపిస్తే తేమ సంగతి పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.

అంత పొడి ఎలా వస్తుందంటే, బయట మైనస్ 10 డిగ్రీలున్నప్పుడు ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి సుమారు 2 గ్రాములే. అదే గాలి ఇంట్లోకి వచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా పట్టగలదు. పట్టే శక్తి పెరిగింది, ఉన్న నీళ్లు మాత్రం ఆ రెండు గ్రాములే. వంట, స్నానాల వల్ల కొంత కలిసినా చాలా ఇళ్లలో తేమ 15, 20 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ లోటును గాలి మీ గొంతు, ముక్కు, చర్మం నుంచి లాక్కుంటుంది.

మన ఊళ్ల సంగతి కూడా చెప్పాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఏడాదిలో చాలాభాగం ఎక్కువే, హ్యుమిడిఫైయర్ పెడితే గోడలకు బూజు తెచ్చిపెట్టుకోవడమే. హైదరాబాద్‌లో ఎండాకాలం రోజుల్లోనూ, రాత్రంతా ఏసీ నడిచే గదిలోనూ పొడి ఉండొచ్చు. అక్కడ కూడా కొలిచాకే కొనండి.

ఏ రకం మీ ఇంటికి సరిపోతుంది

డబ్బా మీద రెండు పేర్లే ఉన్నా లోపల పనిచేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. కూల్ మిస్ట్‌లోనే రెండు రకాలున్నాయి, వాటి మధ్య తేడా చాలా ఉంది.

మొదటిది అల్ట్రాసోనిక్. అడుగున రూపాయి బిళ్లంత పలక ఒకటి, చెవికి వినపడనంత వేగంగా కంపిస్తూ నీళ్లను సన్నటి తుంపరగా చిమ్ముతుంది. పొగలా కంటికి కనపడేది అదే. చప్పుడు ఉండదు, కరెంటు తక్కువ, ధరా తక్కువ, అందుకే ఎక్కువమంది ఇదే కొంటారు. అయితే ఇది నీళ్లను ఆవిరి చేయదు, చిన్న చిన్న చుక్కలుగా గాలిలోకి విసురుతుంది. నీళ్లలో ఏముంటే అదీ వాటితో పాటే వస్తుంది: ఉప్పులు, పాచి, బూజు కణాలు, బ్యాక్టీరియా. ఆ చుక్కలు ఆరాక మిగిలిన ఉప్పే టేబుళ్ల మీద తెల్లటి పొడిలా కనిపిస్తుంది.

రెండోది ఎవాపరేటివ్. నీళ్లు పీల్చే ఒక ఫిల్టర్, దాని మీదుగా గాలి తోలే ఫ్యాన్. తడిబట్ట ఆరినట్టే నీళ్లు నిజంగా ఆవిరవుతాయి, ఉప్పులు ఫిల్టర్‌లోనే ఉండిపోతాయి. పొగ కనపడదు కాబట్టి పనిచేయట్లేదేమో అనుకుంటారు, కానీ చేస్తుంది. గదిలో తేమ పెరిగేకొద్దీ ఆరడం దానంతట అదే నెమ్మదిస్తుంది కాబట్టి అతి తేమ భయం తక్కువ. ఫ్యాన్ చప్పుడు ఉంటుంది, ఫిల్టర్ మార్చే ఖర్చు ఉంటుంది.

మూడోది వార్మ్ మిస్ట్. నీళ్లను మరిగించి ఆవిరి వదులుతుంది. మరగడం వల్ల నీళ్లలోని క్రిములు చస్తాయి, ఉప్పులు హీటర్ దగ్గరే గడ్డకడతాయి. గాలిలోకి వెళ్లేది దాదాపు శుభ్రమైన ఆవిరే. కానీ లోపల మరుగుతున్న నీళ్లున్నాయి. పాకే పిల్లలు, వైరు లాగే పిల్లలు ఉన్న ఇంట్లో అది పడితే ఒళ్లు కాలుతుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల గదికి కూల్ మిస్టే వాడమంటుంది. కరెంటు కూడా ఎక్కువే: లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే ముప్పావు యూనిట్ దాకా పడుతుంది. చలిదేశంలో ఆ వేడి గదికే పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ వేసిన గదిలో మాత్రం ఇది పెట్టకండి, ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ ఉంటాయి. ఇంకో జాగ్రత్త: వార్మ్ అని రాసిన కొన్ని అల్ట్రాసోనిక్ యంత్రాలు నీళ్లను కాస్త వెచ్చబెట్టి చిమ్ముతాయి తప్ప మరిగించవు. వాటితో క్రిములు చస్తాయని నమ్మకండి.

నన్ను అడిగితే, పిల్లలున్న ఇంటికి ఎవాపరేటివ్. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న గదికి, చెయ్యి తగలని చోటు ఉంటే, మరిగించే వార్మ్ మిస్ట్. అల్ట్రాసోనిక్ వాడొచ్చు, కానీ మంచి నీళ్లు పోసి, కింద చెప్పబోయే శుభ్రతను ఒక్కసారి కూడా మానకుండా చేయగలిగినవాళ్లకే. ఏది కొన్నా మూత వెడల్పుగా ఉండి, ట్యాంకు లోపలికి మీ చెయ్యి పూర్తిగా దూరేలా ఉందో లేదో చూడండి. చెయ్యి దూరని ట్యాంకును ఎవరూ సరిగ్గా కడగలేరు.

ఒక గది లెక్క

నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న పడకగది అనుకుందాం. అంటే 40 ఘనపు మీటర్లు. 21 డిగ్రీల దగ్గర తేమ 15 శాతం ఉంది, దాన్ని 40 చేయాలి. ఘనపు మీటరుకు నాలుగున్నర గ్రాముల చొప్పున మొత్తం సుమారు 180 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. ఇంత తక్కువా అనిపిస్తుంది. కానీ తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గది గాలి మారుతూనే ఉంటుంది. గంటకు సగం గాలి మారితే, గంటకు సుమారు 100 మిల్లీలీటర్లు మళ్లీ పొయ్యాలి. ఎనిమిది గంటల నిద్రకు 800, మొదటి 180 కలిపితే దాదాపు లీటరు.

ఈ లెక్క నుంచి రెండు పనులు తేలతాయి. ఒకటి, పడకగది తలుపు మూసే పడుకోండి, లేకపోతే ఆ లీటరు నీళ్లు ఇల్లంతా పంచుకుంటుంది. రెండు, ఒక్క గదికి పెద్ద యంత్రం అక్కర్లేదు, ఉన్నదాన్ని ఫుల్‌లో నడపనూ అక్కర్లేదు. చాలా అల్ట్రాసోనిక్ యంత్రాలు ఫుల్‌లో గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్లు చిమ్ముతాయి. అలా రాత్రంతా నడిపితే తేమ 60 దాటిపోతుంది.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే హద్దు 30 నుంచి 50 శాతం. గొంతుకు 35, 40 మధ్య చాలు. 50 దాటితే పక్కబట్టల్లో డస్ట్ మైట్లనే కంటికి కనపడని పురుగులు పెరుగుతాయి, 60 దాటితే గోడ మూలల్లో బూజు మొదలవుతుంది. చలి బాగా ఉన్న రోజుల్లో మీటరు కన్నా ముందు కిటికీయే చెబుతుంది. 21 డిగ్రీల గదిలో 40 శాతం తేమ ఉంటే, 7 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ గాజు మీదైనా నీళ్లు పడతాయి. పొద్దున్నే కిటికీ గాజు అడుగున నీటి చారలు కనిపిస్తే మీటరు ఏం చూపించినా సరే, ఆ రాత్రికి ఒక మెట్టు తగ్గించండి, ఆ నీళ్లు తుడిచేయండి. యంత్రంలో బూజు లేకపోయినా కిటికీ చట్రంలో మొదలవ్వచ్చు.

నీళ్లు, పెట్టే చోటు

అల్ట్రాసోనిక్‌కు డిస్టిల్డ్ వాటరే పోయండి. అమెరికాలో ఏ కిరాణా షాపులోనైనా గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది. ఎందుకంటే మీ నీళ్ల టీడీఎస్ 300 అయితే లీటరు నీళ్లలో 300 మిల్లీగ్రాముల ఉప్పు ఉన్నట్టు. పై లెక్క ప్రకారం రాత్రికి లీటరు చిమ్మితే ఆ ఉప్పంతా సన్నటి ధూళిగా మీరు పడుకున్న గదిలోనే చేరుతుంది. హైదరాబాద్ బోరు నీళ్లలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడ డిస్టిల్డ్ దొరక్కపోతే ఆర్‌వో నీళ్లు వాడొచ్చు, ధూళి చాలా తగ్గుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు దీనికి పరిష్కారం కాదు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు చాలావరకు అలాగే ఉంటుంది. ఎవాపరేటివ్‌కూ మరిగించేదానికీ కుళాయి నీళ్లు సరిపోతాయి, కాకపోతే సున్నం త్వరగా పేరుకుంటుంది.

యంత్రాన్ని నేల మీద కాకుండా బల్ల మీద, మంచానికి మూడు అడుగుల దూరంలో పెట్టండి. తుంపర మొహానికేసి, గోడకేసి, కర్టెన్‌కేసి రాకూడదు. కార్పెట్ తడిసిందంటే కింద బూజు పట్టేదాకా మీకు తెలియదు. వార్మ్ మిస్ట్ అయితే వైరు కూడా పిల్లల చేతికి అందకుండా గోడవైపు తిప్పండి.

నీలగిరి తైలం, కర్పూరం, బామ్, సెంటు నూనెలు ట్యాంకులో వేయకండి. ఆవిరి గిన్నెలో వేసే అలవాటుతో చాలామంది వేస్తారు. నూనె ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది, ట్యాంకు గోడకు అంటుకుని పాచికి పట్టు ఇస్తుంది. పైగా రాత్రంతా పీలుస్తారు. పసిపిల్లలకు కర్పూరం ప్రమాదం కూడా.

కడిగే పద్ధతి

బూజుకు కావాల్సింది నిలవ నీళ్లు, కొంత సమయం. ఆ సమయం ఇవ్వకపోతే చాలు. అందుకని మూడు స్థాయిల్లో చేయాలి.

రోజూ పొద్దున ప్లగ్ తీసేసి, ట్యాంకులోనూ అడుగు పళ్లెంలోనూ మిగిలిన నీళ్లు పారబోయండి. చాలామంది ట్యాంకు పారబోసి పళ్లెం మర్చిపోతారు, పాచి మొదలయ్యేది అక్కడే. కొత్త నీళ్లతో ఒకసారి తొలిచి, పొడిబట్టతో లోపలంతా తుడిచి, మూత తీసి ఆరబెట్టండి. రాత్రి పడుకునే ముందే కొత్త నీళ్లు పోయండి. మిగిలిన నీళ్ల మీద కొత్తవి కలపకండి. దీనికి మూడు నిమిషాలు కూడా పట్టదు.

మూడు రోజులకోసారి సున్నం వదిలించాలి. అడుగు పళ్లెంలో తెల్ల వెనిగర్ పోసి, సగానికి సగం నీళ్లు కలిపి, అరగంట ఉంచండి. ట్యాంకులో కూడా అదే పోసి అటూ ఇటూ ఊపండి. వెనిగర్ లేకపోతే అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపినా పనిచేస్తుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో మూలలు, మూత మరలు, రబ్బరు రింగు కింద, తుంపర బయటికొచ్చే గొట్టం లోపల రుద్దండి. అల్ట్రాసోనిక్ పలకను మాత్రం దూదితోనో మెత్తటి బట్టతోనో తుడవాలి. గోరు, కత్తి, స్టీలు పీచు తగిలితే పాడైపోతుంది. వార్మ్ మిస్ట్ హీటర్ మీద గడ్డ దళసరిగా ఉంటే గీకకుండా వెనిగర్‌లో ఇంకాసేపు నాననివ్వండి, తర్వాత అదే ఊడొస్తుంది. మోటారు, వైర్లు ఉన్న అడుగు భాగాన్ని సింకులో ముంచకండి. బాగా కడిగి వెనిగర్ వాసన పోగొట్టండి.

వారానికోసారి క్రిములను చంపాలి. సున్నం పొర కింద దాక్కున్న వాటికి మందు తగలదు కాబట్టి, ముందు వెనిగర్ పని పూర్తి చేసి కడిగాకే ఇది చేయాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ నాకు నచ్చే పద్ధతి. మందుల షాపులో దొరుకుతుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. ట్యాంకు, పళ్లెం గోడలన్నీ తడిసేలా పోసి, అరగంట ఉంచి పారబోయండి. బ్లీచ్ వాడేవాళ్లు నాలుగు లీటర్ల నీళ్లకు ఒక చిన్న చెంచా చొప్పున కలిపి, అరగంట ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా నాలుగైదు సార్లు కడగాలి. ఫిల్టర్‌కూ, హీటర్ లోహానికీ బ్లీచ్ తగలనివ్వకండి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో వేరే మందు చెప్పి ఉంటే దాన్నే అనుసరించండి. ఆఖరున నీళ్లన్నీ తుడిచి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా మూత పెడితే ఇంత చేసిందీ వృథా.

రెండు విషయాల్లో ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉంది. వెనిగర్‌నూ బ్లీచ్‌నూ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. వెనిగర్, పెరాక్సైడ్ కూడా ఒకే గిన్నెలో కలవకూడదు, మధ్యలో శుభ్రంగా కడగాలి. రెండోది, క్రిములు చంపే ఏ మందునూ ట్యాంకులో ఉంచి యంత్రం నడపకండి. దక్షిణ కొరియాలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ 1994 నుంచి హ్యుమిడిఫైయర్ నీళ్లలో కలిపే మందులు అమ్మారు. చర్మానికి తగిలితే పెద్దగా హాని లేదనుకున్న రసాయనాలు తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, గర్భిణులూ పసిపిల్లలూ సహా ఎందరినో బలితీసుకున్నాయి. కారణం బయటపడింది 2011లో. అందుకే మందు వేసి నానబెట్టాలి, కడిగి పారబోయాలి, తర్వాతే నడపాలి.

ఏదో తేడా జరిగిందని ఎలా తెలుస్తుంది

ట్యాంకు లోపల వేలు పెట్టి రుద్దండి. జారుడుగా తగిలితే పాచి మొదలైనట్టే, కంటికి ఏమీ కనపడకపోయినా. గులాబీ రంగు పొర సాధారణంగా బ్యాక్టీరియా. నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు బూజు. తడిమట్టి వాసన వస్తే చూడాల్సినవి గొట్టం లోపలి భాగం, రబ్బరు రింగు అడుగు. వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రి యంత్రం పెట్టకండి, వారం పని మొత్తం చేశాకే వాడండి.

మనిషిలో కూడా చూడాలి. యంత్రం పెట్టాక గొంతు మెరుగై, కొత్తగా దగ్గు, ఆయాసం, సాయంత్రం పూట జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలై, రెండు రోజులు వేరే ఇంట్లో పడుకుంటే తగ్గి, తిరిగి రాగానే మళ్లీ వస్తుంటే, మురికి తుంపర పీల్చడం వల్ల కావచ్చు. యంత్రం వెంటనే ఆపి, డాక్టర్‌కు హ్యుమిడిఫైయర్ వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంకా ముందే జాగ్రత్తపడాలి.

ఎవాపరేటివ్ ఫిల్టర్ గట్టిపడినా, గోధుమ రంగు చారలు వచ్చి వాసన వేసినా కడిగి వాడాలని చూడకండి, మార్చేయండి. రోజూ నడిపితే ఒకటి రెండు నెలలకు మార్చాల్సి రావచ్చు, ఉప్పు నీళ్లయితే ఇంకా ముందే. సీజన్ అయిపోయి మార్చి, ఏప్రిల్‌లో పక్కన పెట్టేటప్పుడు వెనిగర్, పెరాక్సైడ్ రెండూ వరుసగా చేసి, ఒక రోజంతా విడి భాగాలుగా ఆరబెట్టి, పాత ఫిల్టర్ పారేసి, మూత బిగించకుండా డబ్బాలో పెట్టండి. అక్టోబర్‌లో తీసినప్పుడు వాడే ముందు మళ్లీ కడగండి. ట్యాంకు ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు వచ్చి, వాటి లోపల నల్లటి గీతలు ఎంత రుద్దినా పోకపోతే బ్రష్ అక్కడికి చేరదు. అలాంటి ట్యాంకుకు బదులు కొత్తది కొనుక్కోవాల్సిందే.